రెండు ఆటవెలదులు, రెండు రకాల మార్కులు

తొమ్మిదో తరగతికి ఆటవెలది రాయమని అసైన్‌మెంట్ ఇచ్చాను. ఒక కాగితంలో వాన, ఇంకో దాంట్లో అమ్మమ్మ. మనసు అమ్మమ్మ వైపే లాగింది. నచ్చినదాన్ని బట్టి వేస్తే ఆ పద్యానికి పదికి తొమ్మిది, వానకు ఆరు.

తర్వాత గణాలు విడదీసి చూశాను. వాన పద్యం ఇలా మొదలైంది:

వాన చినుకు రాలి వాకిలి తడిసింది
మట్టి పరిమళమ్ము మనసు నిండె

ఆటవెలదికి ఉండాల్సినట్టే మొదటి పాదంలో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. రెండో పాదంలో ఐదూ సూర్యగణాలే. నాలుగో గణం మొదట్లో యతి కూడా పడింది: వా–వా, మ–మ. భావం పాతదే, మట్టివాసన ఎవరైనా రాస్తారు. అక్కడ రెండు మార్కులు తగ్గించాను.

అమ్మమ్మ పద్యం 'అమ్మమ్మ చేతి ముద్ద' అని మొదలవుతుంది. 'అమ్మమ్మ' అంటే గురువు, గురువు, లఘువు. అది తగణం, అంటే ఇంద్రగణం. సూర్యగణం ఉండాల్సిన చోట అది కుదరదు. చదివితే చెవికి తెలియలేదు, గుర్తులు పెట్టాకే బయటపడింది. 'అవ్వ చేతి ముద్ద యాకలి మరిపించె' అని మారిస్తే గణాలు సరిపోతాయి, అ–యా యతి కుదురుతుంది.

చివరికి వానకు ఎనిమిది, అమ్మమ్మకు ఆరు. ఇదే వచన కవిత అడిగి ఉంటే ఈ గణాల లెక్కకు చోటే లేదు. అప్పుడు అమ్మమ్మే గెలిచేదేమో!