₹100 తగ్గింపులో నాకు దక్కింది ₹20: నాలుగేళ్లు ఫుడ్ డెలివరీ యాప్ వాడాక

కర్నూలులో ఒక విత్తనాల డీలర్ దగ్గర లెక్కలు రాస్తాను. రోజంతా ఇన్‌వాయిస్‌లు చూసి ఇంటికొచ్చాక, తిండి బిల్లు మాత్రం నాలుగేళ్లలో మూడేళ్లపాటు కింద ఉన్న మొత్తం ఒక్కటే చూసి కట్టేశాను. గత ఏడాది నుంచే లైన్ లైన్ చదవడం మొదలుపెట్టాను. యాప్ బాగుందా, అబ్బాయి త్వరగా వచ్చాడా అన్నది వేరే ఎవరైనా రాస్తారు. నేను బిల్లు గురించే రాస్తాను, అదీ ఒక్క బిల్లు పట్టుకుని.

అది ఒక శనివారం రాత్రి ఆర్డరు. మా ఇల్లు సి క్యాంపు దగ్గర, రాజ్ విహార్ వైపు సందులో ఉన్న చిన్న మెస్ నుంచి తెప్పించాం. నాకూ మా వాడికీ రాగి సంగటి, నాటుకోడి పులుసు రెండు ప్లేట్లు, ఒక్కోటి ₹230. మా ఆవిడ శనివారం మాంసం ముట్టదు, ఆమెకు జొన్నరొట్టె, గుత్తివంకాయ ₹140. ఐటమ్‌ల మొత్తం ₹600. తగ్గింపు ₹100. చివరికి కట్టింది ₹621.40. పైన పచ్చ రంగులో ‘ఈ ఆర్డరులో మీరు ₹100 ఆదా చేశారు’ అని. ఆరువందల తిండికి వంద తగ్గించాక ఆరువందల ఇరవై ఒకటి ఎట్లా అయిందన్నదే నా ప్రశ్న.

యాప్‌లో పన్ను, ప్యాకింగు రెండూ కలిపి ‘జీఎస్టీ అండ్ రెస్టారెంట్ ఛార్జెస్’ అని ఒకే లైన్‌లో పెడతారు. దాని మీద వేలు పెడితే విడిపోతుంది. చాలామంది ఆ లైన్ మొత్తం ప్రభుత్వానికి పోయే పన్ను అనుకుంటారు, నేనూ అట్లే అనుకున్నాను. విడదీస్తే అందులో ₹30 ప్యాకింగు, ₹26.50 పన్ను. ప్యాకింగు యాప్ వాళ్లది కాదు, మెస్ వాళ్లు పెట్టుకునేది. ఐటమ్‌కు ₹10 చొప్పున మూడు ఐటమ్‌లకు ముప్పై. నిజానికి రెండు పులుసులూ ఒకే డబ్బాలో వచ్చాయి. ఎన్ని డబ్బాలు వాడారన్నది కాదు, ఎన్ని ఐటమ్‌లు నొక్కామన్నదే లెక్క. అందుకే నాలుగు రకాలు కొంచెం కొంచెం తెప్పించుకునే ఇంట్లో ఈ లైన్ పెద్దదవుతుంది.

పన్ను దగ్గర కాస్త ఆగాలి. హోటల్ తిండి మీద జీఎస్టీ 5 శాతం. ఇది వేసేది ₹600 మీద కాదు. మెస్ ఇచ్చిన తగ్గింపు తీసేసి, ప్యాకింగు కలిపి, ఆ మొత్తం మీద వేస్తారు. అంటే 600లో 100 పోగా 500, దానికి 30 కలిపితే 530, అందులో 5 శాతం 26.50. ప్యాకింగు కూడా తిండి అమ్మకంలో భాగమే కాబట్టి దాని మీదా అదే రేటు. తగ్గింపు మెస్ వాళ్లు కాకుండా యాప్ తన జేబులోంచి ఇచ్చిన కూపన్ అయితే నా బిల్లుల్లో పన్ను తగ్గడం చూడలేదు. అప్పుడు 630 మీద ₹31.50 పడుతుంది. ఏ తగ్గింపు ఎవరిదో తెలుసుకోవాలంటే డెలివరీ అయ్యాక ఇన్‌వాయిస్ దించుకుని చూడాలి. తిండి ఇన్‌వాయిస్‌లోనే డిస్కౌంట్ రాసి ఉంటే అది హోటల్ ఇచ్చింది.

ఈ 5 శాతం గురించే మెస్ ఓనరుతో నాకు చిన్న వాదన జరిగింది. కౌంటర్ దగ్గర తింటే ఆయన పన్ను తీసుకోడు. యాప్‌లో మాత్రం పడుతుంది. మోసం చేస్తున్నాడనుకుని అడిగాను. ‘అన్నా, నాకు జీఎస్టీ నంబరే లేదు, నేనెట్లా తీసుకుంటా?’ అన్నాడు. ఆయన చెప్పింది నిజమే. ఏడాదికి ఇరవై లక్షల లోపు వ్యాపారం చేసే చిన్న మెస్ రిజిస్ట్రేషన్ తీసుకోనక్కర్లేదు. కానీ 2022 జనవరి 1 నుంచి, యాప్ ద్వారా అమ్మే హోటల్ తిండికి పన్ను కట్టే బాధ్యత యాప్ మీదే పెట్టారు. హోటల్‌కు నంబరు ఉన్నా లేకపోయినా యాప్ ఆ 5 శాతం వసూలు చేసి కట్టాలి. కాబట్టి అదే సంగటి మెస్‌లో పన్ను లేకుండా, ఫోన్‌లో పన్నుతో. ఇందులో ఎవరి తప్పూ లేదు.

తప్పు లేకపోయినా నొప్పి ఉండేది ఐటమ్ ధరలో. ఇది బిల్లులో ఏ లైన్‌లోనూ కనపడదు. మెస్‌లో సంగటి పులుసు ₹200, రొట్టె వంకాయ ₹120. నేను తెప్పించినవన్నీ అక్కడ తీసుకుంటే ₹520. యాప్‌లో ₹600. ఆ ₹80 తేడా ఎందుకని అడిగితే ఆయన లెక్క చెప్పాడు: నూటికి ఇరవై పైనే కమిషన్ పోతుంది, ఆ కమిషన్ మీద మళ్లీ 18 శాతం జీఎస్టీ, అది ఆయనకు తిరిగి రాదు. నంబరున్న పెద్ద హోటల్‌కైనా రాదు, 5 శాతం పన్ను పద్ధతిలో ఉన్నవాళ్లకు ఇన్‌పుట్ క్రెడిట్ లేదు. అందుకని మెనూ ధర పెంచి, దాని మీద తగ్గింపు పెడతాడు. పెంచింది ₹80, తగ్గించింది ₹100. నాకు నిజంగా దక్కిన తగ్గింపు ₹20. పచ్చ రంగు వందలో మిగతా ఎనభై నాదే, ముందు తీసుకుని తర్వాత ఇచ్చారు.

తగ్గింపు ఎంత అన్నదానికీ షరతులున్నాయి. ఆ రోజు ఆఫరు ‘20 శాతం, గరిష్ఠంగా ₹100, కనీసం ₹499 ఆర్డరు మీద’. 600లో 20 శాతం 120 కావాలి, వంద దగ్గర ఆగింది. ఐదువందలు దాటాక ఎంత కలిపినా తగ్గింపు పెరగదు. ఆ ₹499 చూసేది ఐటమ్‌ల ధర మీదే, ప్యాకింగూ డెలివరీ కలిపి దాటితే ఒప్పుకోదు. మేము ముందు రెండు సంగటిలే నొక్కాం, ₹460. ఆవిడకు పెరుగన్నం చాలన్నది. కనీసం దాటడానికి నేనే రొట్టె కలిపాను. మామూలుగా ఇట్లా కలపడం ఉచ్చు అంటారు. ఈసారి లెక్క వేసి చూశాను. రెండు సంగటిలే అయితే 460కి ప్యాకింగు 20, పన్ను 24, మిగతా ఛార్జీలు అవే, మొత్తం ₹568.90 అయ్యేది. రొట్టెతో ₹621.40. అంటే ₹140 రొట్టె నాకు ₹52.50కే పడింది. మెస్‌కు నడిచి వెళ్లినా ఆ ధరకు రాదు. తినే మనిషి ఉంటే కలపడం లాభమే.

డెలివరీ ఫీజు ₹40, దాని మీద 18 శాతం ₹7.20. ఈ పన్ను కొత్తది. 2025 సెప్టెంబర్ 22కు ముందు దీన్ని యాప్ వాళ్లు డెలివరీ అబ్బాయి సేవగా చూసేవాళ్లు, అతని ఆదాయం జీఎస్టీ పరిధిలోకి రాదు కాబట్టి పన్ను పడేది కాదు. ఆ తేదీ నుంచి ఇదీ యాప్ బాధ్యతలోకి వచ్చింది. దూరం, వాన, రద్దీని బట్టి ఈ లైన్ మారుతుంది. ఒకే మెస్ నుంచి మధ్యాహ్నం ఒక ధర, రాత్రి ఎనిమిదిన్నరకు ఇంకో ధర చూశాను.

ప్లాట్‌ఫారమ్ ఫీజు ₹15, దాని మీద 18 శాతం ₹2.70. 2023లో ఇది మొదలైనప్పుడు ఆర్డరుకు రెండు రూపాయలు. రెండు రూపాయలే కదా అని ఎవరూ మాట్లాడలేదు. దీనికి దూరంతో, తిండితో సంబంధం లేదు. ₹90 ఉగ్గాణి బజ్జి తెప్పించినా అంతే, రెండు వేల బిర్యానీ తెప్పించినా అంతే. చిన్న ఆర్డర్లకే దెబ్బ. ఫ్రీ డెలివరీ మెంబర్‌షిప్ ఆరు నెలలు వాడాను, అందులో డెలివరీ లైన్ సున్నా అయింది గానీ ఇది పోలేదు. నెలకు మూడు నాలుగు ఆర్డర్లు మాత్రమే ఉండే ఇంట్లో మెంబర్‌షిప్ డబ్బు తిరిగి వస్తుందో లేదో వేసి చూసుకోండి. మాకు వానాకాలంలో వచ్చింది, ఎండాకాలంలో రాలేదు. అన్నట్టు, ఈ లైన్ల పక్కనే విరాళం అని మూడు రూపాయలు ముందే టిక్ పెట్టి ఉన్న రోజులు కూడా చూశాను. ఇవ్వాలనుకుంటే మంచిదే, కానీ టిక్ పెట్టాల్సింది నేను.

అన్నీ కలిపితే: తిండి 500, ప్యాకింగు 30, పన్ను 26.50, డెలివరీ పన్నుతో 47.20, ప్లాట్‌ఫారమ్ పన్నుతో 17.70. మెస్‌కు వెళ్లి పార్సిల్ తెచ్చుకుంటే డబ్బాలకు ఐదు చొప్పున వేసి ₹535. తేడా ₹86.40. వాన పడుతున్న రాత్రి, బండి తీయకుండా ఇంట్లో కూర్చున్నందుకు ఆ డబ్బు నాకు ఎక్కువ అనిపించదు. ఎండ లేని సాయంత్రం అయితే ఎక్కువే.

ఆ రాత్రి ఇంకో సంగతి జరిగింది. సంచిలో రొట్టె లేదు. ఫోటో పెట్టి కంప్లయింట్ ఇచ్చాను, గంటలో ₹122.50 వెనక్కి వచ్చింది. ₹140 కదా కట్టింది అని కోపం వచ్చింది. తర్వాత వేసి చూస్తే సరిగ్గానే ఉంది. వంద తగ్గింపును మూడు ఐటమ్‌లకు ధరను బట్టి పంచితే రొట్టె వాటా 23.33. అది తీసేస్తే 116.67, దానికి 5 శాతం పన్ను కలిపితే 122.50. కానీ రాని రొట్టెకు వేసిన ప్యాకింగు ₹10, దాని పన్ను 50 పైసలు ఇవ్వలేదు. ఇది మామూలుగా ఎవరూ అడగరు. నేను కస్టమర్ కేర్‌కు రాశాను, అవతల ఉన్న అమ్మాయి మొదట పాలసీ అన్నది, ఇన్‌వాయిస్‌లో ఆ లైన్ ఫోటో పంపాక ₹10.50 కూడా వేసింది.

ఆ ఆనందంలో మొత్తం లెక్క మళ్లీ వేశాను. 621.40లో 133 తిరిగొచ్చింది, రెండు సంగటిలు ₹488.40కు పడ్డాయి. రొట్టె అసలు నొక్కకుండా ఉంటే ₹568.90 అయ్యేవి. రొట్టె రాకపోవడం వల్ల మనకు ఎనభై రూపాయల యాభై పైసలు మిగిలాయని మా ఆవిడకు చెప్పాను. ఆమె పెరుగన్నం కలుపుకుంటోంది, తల ఎత్తలేదు.