జపనీస్ మెనూ ఉన్న టీవీ: ఏళ్ల తరబడి వాడాక సబ్‌టైటిల్స్, ఆడియో, వైఫై గురించి నా మాట

టోక్యోలో నిషికసాయ్ వైపు మనవాళ్లు చాలామంది ఉంటారు. ఇండియాకి తిరిగి వెళ్లిపోయేవాళ్ల దగ్గర టీవీ తీసుకోవడం ఇక్కడ మామూలే. మా టీవీ కూడా అలా వచ్చిందే. జపాన్ మార్కెట్ కోసమే తయారైన మోడల్, కంపెనీ సొంత మెనూ, అందులో జపనీస్ తప్ప ఇంకో భాష లేదు. ఏళ్ల తరబడి వాడుతున్నాం కాబట్టి చెప్తున్నా: బొమ్మ చాలా బాగుంటుంది, రిమోట్ ఇంకా బాగుంటుంది, నెట్‌వర్క్ సెట్టింగ్స్ మాత్రం భాష రానివాడికి నరకం. జపనీస్ చదవడం రానివాళ్లు ఇలాంటి టీవీతో హాయిగా బతకొచ్చా అంటే బతకొచ్చు, కానీ ఏ పని రిమోట్‌తో అవుతుందో, ఏ పనికి మెనూలోకి వెళ్లాలో ముందే తెలిసి ఉండాలి.

అన్నిటికంటే ముందు ఒకటి చూసుకోండి. మీ టీవీ గూగుల్ టీవీ మీద నడిచేదైతే ఈ కష్టం చాలావరకు ఉండదు. పళ్ల చక్రం బొమ్మ ఉన్న 設定 లోకి వెళ్లి, システム, ఆ లోపల 言語 అని వెతికితే ఇంగ్లిష్ వస్తుంది. కొన్నిట్లో 言語 పక్కనే Language అని కూడా రాసి ఉంటుంది. కంపెనీ సొంత మెనూ ఉన్నవాటిలో ఆ లైనే ఉండకపోవచ్చు, మాదాంట్లో లేదు. మెనూ అంతా తిరిగినా లేకపోతే ఇక దానికోసం వెతకడం ఆపేసి రిమోట్ చేతిలోకి తీసుకోండి.

ఎందుకంటే జపాన్ టీవీ రిమోట్‌లో మనకి రోజూ కావలసిన రెండూ విడి బటన్లుగానే ఉంటాయి. 字幕 (జిమాకు) అంటే సబ్‌టైటిల్స్. 音声切換 (ఒన్‌సేయి కిరికాయె) అంటే ఆడియో మార్చేది. కొన్ని మోడళ్లలో ఇవి కింద చిన్న మూత తెరిస్తే ఉంటాయి, చాలామంది ఆ మూత చూడకుండానే మెనూ అంతా గాలిస్తుంటారు. మధ్యలో బాణాల చుట్టూ ఉన్న గుండ్రం నడుమ 決定, అది ఓకే. 戻る అంటే వెనక్కి. ఈ నాలుగూ గుర్తుపట్టగలిగితే టీవీ చూడటానికి మెనూ జోలికి వెళ్లక్కర్లేదు. మా అమ్మానాన్న వచ్చినప్పుడు ఆ నాలుగు బటన్ల పక్కన తెలుగులో రాసి చిన్న స్టిక్కర్లు అంటించాం, వాళ్లే వాడుకున్నారు.

సబ్‌టైటిల్స్ సంగతి త్వరగా చెప్పేస్తా. 字幕 నొక్కితే తెరమీద ఒక మూల 入 అనో 切 అనో వస్తుంది. మొదటిది ఆన్, రెండోది ఆఫ్. మెనూలో కూడా ఆన్, ఆఫ్ ఉన్న చాలాచోట్ల ఇవే కనిపిస్తాయి. మామూలు చానళ్లలో వచ్చే సబ్‌టైటిల్స్ దాదాపు ఎప్పుడూ జపనీస్‌లోనే ఉంటాయి, ఇంగ్లిష్ వస్తుందని ఆశ పెట్టుకోవద్దు. జపనీస్ నేర్చుకుంటున్నవాళ్లకి మాత్రం ఇది బంగారం, మా ఆవిడ వార్తలు చూస్తూ చదవడం అలవాటు చేసుకుంది.

ఆడియోలో విషయం ఎక్కువుంది. ఇక్కడి చానళ్లలో కొన్ని ప్రోగ్రాములు రెండు ఆడియోలతో వస్తాయి, 主音声 (ప్రధాన ఆడియో), 副音声 (రెండో ఆడియో). ఎన్‌హెచ్‌కేలో సాయంత్రం 7 గంటల వార్తలకి రెండో ఆడియోలో ఇంగ్లిష్ వస్తుంది. టీవీలో వేసే హాలీవుడ్ సినిమాలకి తరచూ మొదటిది జపనీస్ డబ్బింగ్, రెండోది అసలు ఇంగ్లిష్. అది ముందే తెలుసుకోవాలంటే 番組表 బటన్ నొక్కి ప్రోగ్రాముల పట్టిక చూడండి, పేరు పక్కన చిన్న డబ్బాలో 二 అని ఉంటే రెండు భాషలున్నట్టు. 字 ఉంటే సబ్‌టైటిల్స్ ఉన్నట్టు. 解 అని ఉంటే జాగ్రత్త, అక్కడ రెండో ఆడియో ఇంగ్లిష్ కాదు, చూపు లేనివాళ్ల కోసం తెరమీద ఏం జరుగుతోందో జపనీస్‌లోనే వివరించే గొంతు. డ్రామా మధ్యలో ఎవరో కథ చదువుతున్నట్టు వినిపిస్తే టీవీ పాడైందని టెన్షన్ పడొద్దు, రెండో ఆడియోలో ఉండిపోయింది, 音声切換 ఇంకోసారి నొక్కితే పోతుంది.

ఆ బటన్ నొక్కుతూ పోతే మూడోది కూడా వస్తుంది, 主＋副. అంటే రెండు ఆడియోలూ ఒకేసారి, ఒక స్పీకర్లో జపనీస్, ఇంకో స్పీకర్లో ఇంగ్లిష్. వార్తలు చూస్తుంటే ఇద్దరు ఒకేసారి మాట్లాడుతున్నట్టు ఉంటే కారణం దాదాపు ఇదే.

మాకు అసలు తలనొప్పి సౌండ్‌బార్ కొన్నాక వచ్చింది. ఆప్టికల్ కేబుల్‌తో కలిపాం, వార్తలు పెడితే రెండు భాషలూ కలిసి వస్తున్నాయి, రిమోట్‌లో ఎన్నిసార్లు నొక్కినా తేడా లేదు, తెరమీద మాత్రం 副 అని మారుతోంది. టీవీ తన సొంత స్పీకర్లకి పెడితే సరిగ్గానే వస్తోంది. అక్కడే కారణం దొరికింది. టీవీ ఆడియోని విప్పకుండా ఏఏసీ రూపంలో అలాగే బయటికి పంపిస్తోంది, కాబట్టి ఏ భాష వినిపించాలన్నది సౌండ్‌బార్ చేతిలో పని అయిపోయింది. 設定 లో 音声 విభాగంలో デジタル音声出力 అని ఉంటుంది, అందులో PCM అని పెడితే టీవీయే భాష ఎంచుకుని ఒక్కటే పంపిస్తుంది. PCM ఇంగ్లిష్ అక్షరాల్లోనే ఉంటుంది కాబట్టి పట్టుకోవడం తేలిక. నష్టం ఏమిటంటే సినిమాల సరౌండ్ సౌండ్ మామూలు రెండు చానళ్లకి తగ్గిపోతుంది. సౌండ్‌బార్ రిమోట్‌లో కూడా 音声切換 ఉంటే టీవీని మార్చకుండా దాంతోనే సరిచేసుకోవచ్చు, మాదాంట్లో లేదు కాబట్టి PCM లోనే ఉంచేశాం.

ఇంకో మాట: ఈ రెండు బటన్లూ యాంటెన్నా నుంచి వచ్చే చానళ్లకే. నెట్‌ఫ్లిక్స్‌లోనో యూట్యూబ్‌లోనో 字幕 నొక్కి ఏమీ రాలేదని టీవీని తిట్టొద్దు, యాప్‌ల సబ్‌టైటిల్స్, ఆడియో యాప్ లోపలే మార్చాలి. నెట్‌ఫ్లిక్స్‌లో సినిమా నడుస్తుండగా కింది వైపు 音声・字幕 అని వస్తుంది. మెనూలే ఇంగ్లిష్‌లో కావాలంటే టీవీతో పని లేదు, ఫోన్లోనో కంప్యూటర్లోనో మీ ప్రొఫైల్ భాష మార్చి టీవీలో ఆ ప్రొఫైల్‌లోంచి బయటికి వచ్చి మళ్లీ వెళ్లండి, మాకు అలా మారిపోయింది.

ఇక నెట్‌వర్క్. ఈ టీవీకి నేను తక్కువ మార్కులు వేసేది ఇక్కడే. ఇంటర్నెట్ కంపెనీ మార్చినప్పుడు రౌటర్ మారింది, టీవీలో యాప్‌లన్నీ ఆగిపోయాయి. 設定 లో ネットワーク అని నేరుగా ఉంటే అదృష్టం, కొన్ని మోడళ్లలో ఇంకేదో విభాగం లోపల 通信設定 పేరుతో దాగి ఉంటుంది, మాది అలాంటిదే. లోపలికి వెళ్తే ముందు 有線 (కేబుల్), 無線 (వైఫై) అని అడుగుతుంది. 無線 ఎంచుకుంటే వైఫైల జాబితా వస్తుంది, అందులో పేర్లు ఇంగ్లిష్ అక్షరాల్లోనే కాబట్టి భయం లేదు. రౌటర్ అడుగున స్టిక్కర్ మీద SSID, అంటే వైఫై పేర్లు, రెండు ఉంటాయి. ఇక్కడ అమ్మే చాలా రౌటర్లలో పేరులో A ఉన్నది 5 గిగాహెర్ట్జ్, G ఉన్నది 2.4. పాత టీవీలకి A కనిపించదు, అది పాడైపోవడం కాదు, ఆ టీవీకి 5 గిగాహెర్ట్జ్ లేదంతే. స్టిక్కర్ మీద 暗号化キー పక్కన ఉన్నదే పాస్‌వర్డ్.

పాస్‌వర్డ్ కొట్టే కీబోర్డ్ దగ్గర ఆగిపోతారు చాలామంది. అది జపనీస్ అక్షరాలతో తెరుచుకుంటే 文字切換 అని ఎక్కడుందో చూడండి, చాలాసార్లు తెర అడుగున ఒక రంగు చుక్క పక్కన ఉంటుంది, రిమోట్‌లో ఆ రంగు బటన్ నొక్కితే abc, ABC, 123 వరసగా మారతాయి. చిన్న, పెద్ద అక్షరాల తేడా చూసి కొట్టాలి, ఎందుకంటే తప్పు పాస్‌వర్డ్ అని టీవీ జపనీస్‌లోనే చెప్తుంది, మనకి అది ఇంకేదో సమస్యలా కనిపిస్తుంది.

మాకు పాస్‌వర్డ్ తీసుకుంది, 接続テスト (కనెక్షన్ పరీక్ష) నొక్కితే మాత్రం ఫెయిల్. తెరనిండా జపనీస్. ఇలాంటప్పుడు అంకెలు చూడండి, అంకెలకి భాష లేదు. నెట్‌వర్క్ వివరాల పేజీలో IPアドレス ఎదురుగా 192.168 తో మొదలయ్యే నంబర్ ఉంటే టీవీకి రౌటర్ మామూలుగా అడ్రస్ ఇచ్చినట్టే. 169.254 అనో అన్నీ సున్నాలో ఉంటే ఇవ్వలేదు, వైఫై దగ్గరే ఆగింది. మాదాంట్లో 192.168 ఉంది, కానీ చివరి అంకెలు మా ఫోన్లకి వచ్చిన వరసలో లేవు, 192.168 తర్వాత చుక్క దాటాక వచ్చే అంకె కూడా వేరు. అంటే పాత రౌటర్ నాటి అడ్రస్‌ని ఎవరో చేత్తో పెట్టి ఉంచారు, బహుశా మాకంటే ముందు వాడినవాళ్లు. పైన IPアドレス自動取得 అనే లైన్ しない లో ఉంది. する అంటే తనంతట తాను తీసుకుంటుంది, しない అంటే తీసుకోదు. する చేశాం, దాని కింద DNS లైన్ కూడా する చేశాం, మళ్లీ 接続テスト నొక్కితే 成功 వచ్చింది, యాప్‌లు తెరుచుకున్నాయి. する, しない ఈ మెనూ అంతటా ఉంటాయి, ఈ రెండూ గుర్తుంటే సగం పేజీలు అర్థమవుతాయి.

వైఫైతో కుస్తీ వద్దనుకుంటే రౌటర్ నుంచి ల్యాన్ కేబుల్ వేసి 有線 ఎంచుకోండి. పాస్‌వర్డ్ లేదు, కీబోర్డ్ లేదు. రౌటర్ టీవీ పక్కనే ఉంటే నేను ఇదే చేయమంటా.

మెనూలో తిరిగేటప్పుడు 初期化 కనిపిస్తే 戻る నొక్కి బయటికి వచ్చేయండి. అది సెట్టింగ్స్ చెరిపేసేది. పొరపాటున はい, అంటే అవును, నొక్కితే మొదటిసారి కొన్నప్పటి పద్ధతి అంతా మళ్లీ వస్తుంది, పోస్టల్ కోడ్, చానళ్ల స్కాన్, వైఫై, అన్నీ జపనీస్‌లోనే. ఫోన్ కెమెరాతో అనువాదం చేసుకునేవాళ్లు లైవ్‌లో పెట్టకుండా గదిలో లైట్ ఆపి ఫోటో తీసి చూడండి, తెర వణుకు లేకుండా అక్షరాలు సరిగ్గా వస్తాయి. అంతకంటే నమ్మకమైన దారి మాన్యువల్. టీవీ వెనక స్టిక్కర్ మీద 型番 పక్కనున్న మోడల్ నంబర్ కొట్టి కంపెనీ సైట్‌లో 取扱説明書 పీడీఎఫ్ దించుకోండి, అందులో 字幕 అని వెతికితే ఏ బటనో బొమ్మతో సహా కనిపిస్తుంది. ఆ పేజీ ఫోన్లో ఉంచుకుంటే చాలు.

ఎవరైనా ఇలాంటి టీవీ ఇస్తానంటే తీసుకోండి, బొమ్మకీ మన్నికకీ నేను పూర్తి మార్కులు వేస్తా. కాకపోతే డబ్బులు ఇచ్చే ముందు టీవీ ఆన్ చేయించి 設定 లో 言語 ఉందో లేదో చూడండి, అసలు రిమోట్ ఉందో లేదో కూడా చూడండి. షాపుల్లో దొరికే అన్ని కంపెనీలకీ పనిచేసే చవక రిమోట్లలో 字幕, 音声切換 లేనివి కూడా ఉంటాయి, అవి లేకపోతే ఈ టీవీలో సుఖం సగం పోతుంది.