నమూనా వర్ణన: సొంత కథనమా, ఓడీడీ చట్రమా?

జింకలు గడ్డి మేసే ఒక అనుకరణ నమూనాను పరిశోధనపత్రంలో వర్ణించడానికి రెండు దారులున్నాయి: సొంత వరుసలో సాగే కథనం, లేదా ఆవరణ శాస్త్రవేత్తలు 2006లో ప్రతిపాదించి 2010, 2020లలో సవరించిన ఓడీడీ చట్రం, అంటే స్థూల పరిచయం, రూపకల్పన భావనలు, వివరాలు అనే స్థిర క్రమంలో నమూనాను వర్ణించే పద్ధతి.

శ్రమ: కథనం రెండు పేరాల్లో ముగుస్తుంది. ఓడీడీ ఏడు అంశాలకు జవాబు అడుగుతుంది కనుక పేజీలు పెరుగుతాయి.

ప్రమాదం: “జింకలు మేస్తాయి, శక్తి చాలనివి చనిపోతాయి” అని కథనం చెప్పి ఊరుకుంటుంది. ఒక జింక మేసిన వెంటనే గడ్డి తగ్గుతుందా, లేక కాలపు అడుగు చివర ఒకేసారి తగ్గుతుందా? మొదటి పద్ధతిలో వెనక వచ్చిన జింకకు మేత మిగలకపోవచ్చు. రెండో పద్ధతిలో ఒకే గడ్డిని రెండు జింకలు తినేస్తాయి, కాబట్టి మరణాల లెక్క మారవచ్చు. ఇలాంటి నమూనాలు రాసే నెట్‌లోగో భాషలో `ask` ఆదేశం జింకలను యాదృచ్ఛిక వరుసలో పిలుస్తుందన్న సంగతీ కథనంలో తరచు జారిపోతుంది. ఓడీడీలో మూడో అంశం, అంటే ప్రక్రియల క్రమం, సరిగ్గా ఈ ప్రశ్ననే అడుగుతుంది. నా దృష్టిలో ఆ ఒక్క అంశం కోసమైనా అదనపు పేజీలు భరించవచ్చు.

ధ్రువీకరణ: ఇక్కడ ఏ దారీ తనంతట తాను చాలదు. ఓడీడీ వర్ణించేది నమూనాను, దాని పరీక్షను కాదు. పరామితులను సరిచేయడానికి ఏ సంవత్సరాల లెక్కలు వాడారో, పరీక్షకు ఏవి పక్కన ఉంచారో విడిగా రాయాలి; రెండింటికీ ఒకే లెక్కలు వాడితే కుదిరిన గీత స్వతంత్ర రుజువు కాదు.

రెండు మూడు సమీకరణాల నమూనాకు కథనం, పరామితుల పట్టిక సరిపోతాయి. ఒక్కొక్క జీవినీ విడిగా నడిపే నమూనాకు ఓడీడీయే తగినది. సంక్షిప్త రూపాన్ని పత్రంలో, పూర్తి రూపాన్ని అనుబంధంలో ఇవ్వవచ్చు.