కదిలే మనిషిని వీడియోలోంచి తీసేయాలంటే ఏది మేలు: ఫ్రేము ఫ్రేముకూ పూరించడమా, పక్క ఫ్రేముల నుంచి అరువు తెచ్చుకోవడమా?

ఫోటోలో అడ్డొచ్చిన మనిషిని ఫోను ఒక్క క్షణంలో మాయం చేస్తుంది కదా, అదే పని వీడియోలో ఎందుకు కుదరదని ఎడిటింగ్ నేర్చుకుంటున్నవారు తరచూ అడుగుతుంటారు. ఫోటోలో సాధనం చేసేది ఊహ. 2010లో ఫోటోషాప్ సీఎస్5తో వచ్చిన కంటెంట్ అవేర్ ఫిల్ చుట్టుపక్కల ఉన్న గోడనుంచే ముక్కలు తెచ్చి ఖాళీని నింపేది. అసలు గోడ అక్కడ ఎలా ఉందో చూసేవారికి తెలియదు కాబట్టి, నమ్మదగిన గోడ ఏదైనా సరిపోతుంది. వీడియోలో మాత్రం నమ్మదగిన గోడ చాలదు. ప్రతి ఫ్రేములోనూ అదే గోడ కనిపించాలి. సెకనుకు 25 ఫ్రేముల చొప్పున నాలుగు సెకన్ల షాట్‌లో వంద ఫ్రేములుంటాయి. వాటిని విడివిడిగా పూరిస్తే ఒక్కొక్కటీ ఆపి చూసినప్పుడు బాగానే ఉంటుంది, ప్లే చేయగానే ఆ భాగమంతా మరిగే నీళ్లలా కుతకుతలాడుతుంది.

ఒక షాట్ తీసుకుందాం. చెమ్మ మరకలున్న పాత సున్నపు గోడ ముందు ఒకరు సైకిల్ మీద ఎడమనుంచి కుడికి వెళ్లారు. సైకిల్ ముందు చక్రం ఫ్రేము వెడల్పును నాలుగు సెకన్లలో దాటింది, సైకిల్ పొడవు ఆ వెడల్పులో నాలుగోవంతు. అంటే గోడమీద ఏ బిందువైనా దాదాపు ఒక సెకను, అంటే 25 ఫ్రేముల పాటు మాత్రమే కనబడకుండా పోయింది; మిగతా సమయంలో ఆ మరక ఉన్నదున్నట్టుగా రికార్డయింది. కెమెరా ట్రైపాడ్ మీద ఉంటే, సైకిల్ ఎడమవైపు ఉన్న ఫ్రేమునుంచి కుడి సగాన్నీ, కుడివైపు ఉన్న ఫ్రేమునుంచి ఎడమ సగాన్నీ తీసి కలిపితే క్లీన్ ప్లేట్, అంటే సైకిల్ లేని గోడ చిత్రం, తయారవుతుంది. అందుకే సాధనం పేరు అడిగేముందు నేను చూసేది ఒక్కటే: వెనకున్నది ఎప్పుడైనా కనిపించిందా? కనిపించి ఉంటే అరువే మేలు.

కెమెరా చేతిలో ఉంటే ఈ అరువు కష్టమవుతుంది. ఏ పిక్సెల్ ఏ ఫ్రేములో ఎక్కడికి జరిగిందో ఆప్టికల్ ఫ్లో లెక్కగడుతుంది, కానీ సైకిల్ వెనక గోడ ఎలా జరిగిందో దానికి నేరుగా కనబడదు. 2023లో వచ్చిన ప్రోపెయింటర్ వంటి పద్ధతులు మాస్కు లోపలి, అంటే తీసేయాలని గుర్తుపెట్టిన భాగంలోని కదలికను ముందుగా పూరించుకుని, ఆ దారిలోనే రంగులను తీసుకువస్తాయి. ఒక్కో ఫ్రేముకు అర పిక్సెల్ పొరపాటు ఒకే దిశలో పేరుకుపోతే, ఇరవై ఫ్రేములు దాటేసరికి మరక పది పిక్సెళ్లు పక్కకు జరిగి ఉంటుంది. గోడకు ముందు గేటు ఊచలు కూడా ఉంటే, దగ్గరివి వేగంగానూ దూరానివి నెమ్మదిగానూ జరుగుతాయి కాబట్టి రెంటికీ ఒకే ట్రాక్ సరిపోదు. విడివిడిగా ట్రాక్ చేసుకోవాలి.

ఏ దారి పట్టినా మాస్కు సరిగా ఉండాలి. 1920 పిక్సెళ్ల వెడల్పున్న ఫ్రేమును నాలుగు సెకన్లలో దాటే సైకిల్ సెకనుకు 480 పిక్సెళ్లు జరుగుతుంది, కాబట్టి 1/50 షట్టర్‌లో దాని అంచు దాదాపు పది పిక్సెళ్లు చెదిరి ఉంటుంది. మాస్కు కనీసం అంత వెడల్పు పెరగకపోతే గోడ మీద మసక గీత ఒకటి నడుస్తూ కనిపిస్తుంది. నీడను కూడా మాస్కులో చేర్చాలి, లేకపోతే సైకిల్ పోయినా దాని నీడ ఒంటరిగా సాగిపోతుంది. క్లీన్ ప్లేట్ అన్ని ఫ్రేములకూ ఒకే నిశ్చల చిత్రం కనుక అందులోని గ్రెయిన్, అంటే వీడియోలో ఎప్పుడూ మెదిలే సన్నని చుక్కలు, కదలదు. 200 శాతానికి పెంచి లూపులో ప్లే చేస్తే, చుట్టూ గ్రెయిన్ కదులుతూ ఆ భాగం మాత్రం నిశ్చలంగా ఉన్నట్టు తెలిసిపోతుంది. అప్పుడు ప్లేట్‌లోని గ్రెయిన్ తీసేసి, కదిలే గ్రెయిన్‌ను పైన కొత్తగా వేయాలి.

షాట్ మొత్తంలో మనిషి ఒకే చోట నిలబడి ఉంటే అరువు తెచ్చుకోవడానికి ఏమీ ఉండదు. అప్పుడు ఊహ తప్పదు. అయితే వందసార్లు కాదు, ఒక్కసారే. 2019లో ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లో చేరిన కంటెంట్ అవేర్ ఫిల్‌లో `Create Reference Frame` అనే బటన్ ఉన్నది ఇందుకే: ఒక ఫ్రేమును ఫోటోలా పూరించి ఇస్తే, దాన్ని ఆధారంగా తీసుకుని మిగతా ఫ్రేములను నింపుతుంది.

వెనకున్నదే కదులుతున్నప్పుడు, అంటే సైకిల్ గోడ ముందు కాక మాట్లాడుతున్న మనిషి ముఖం ముందు వెళ్లినప్పుడు, అరువు కూడా అక్కరకు రాదు. మరో క్షణంలోని పెదవులు ఈ క్షణంలోని మాటకు కుదరవు. బొమ్మలు సృష్టించే ఏఐ డిఫ్యూజన్ నమూనాలు కొత్త ముఖాన్ని గీసిపెడతాయి గానీ, ఆ మాటకు పెదవులు నిజంగా ఎలా కదిలాయో మాత్రం ఆ షాట్‌లో ఎక్కడా రికార్డు కాలేదు. అటువంటి షాట్‌లో, రెండో కెమెరా ఉంటే సైకిల్ అడ్డొచ్చిన ఆ ఫ్రేములకు దాని ఫుటేజీకి కట్ చేస్తాను.