కొత్త మెసేజ్ ఒక్కటే పంపాలా, మొత్తం సంభాషణా?

చాట్ ఏపీఐ ద్వారా ఏఐ మోడల్‌ను వాడే యాప్‌లో యూజర్ ముందు "ఈ సెలవు చీటీ సరిదిద్దు" అన్నాడు, జవాబు వచ్చింది. తర్వాత "ఇంకొంచెం చిన్నది చెయ్యి" అన్నాడు.

కొత్త మెసేజ్ ఒక్కటే పంపితే మోడల్‌కు చేరేది ఇంతే:

```json
[{"role":"user","content":"ఇంకొంచెం చిన్నది చెయ్యి"}]
```

దేన్ని చిన్నది చేయాలో దానికి తెలియదు. మామూలు చాట్ ఏపీఐ ఒక రిక్వెస్ట్‌కూ మరోదానికీ మధ్య ఏదీ గుర్తుపెట్టుకోదు, పాత మెసేజ్‌లను ఏపీఐ కీతో ముడిపెట్టి దాచదు. ఖర్చు తక్కువే, కానీ విడి ప్రశ్నలకే ఇది పనికొస్తుంది.

మొత్తం పంపితే చీటీ, మోడల్ ఇచ్చిన జవాబు, కొత్త మాట, మూడూ వరుసగా వెళ్తాయి. చాలామంది మర్చిపోయేది మధ్యదాన్నే. `assistant` జవాబును కూడా లిస్టులో చేర్చకపోతే మోడల్ తను సరిదిద్దిన ప్రతిని కాక పాత చీటీనే మళ్లీ పట్టుకుంటుంది. అనుమానం వస్తే ఇన్‌పుట్ టోకెన్ల లెక్క చూడండి: టర్న్ టర్న్‌కీ పెరగకపోతే హిస్టరీ వెళ్లడం లేదన్నమాట.

దీనికి ఖర్చు ఉంది. ప్రశ్నకు 100, జవాబుకు 200 టోకెన్లు అనుకుంటే పదో టర్న్ ఇన్‌పుట్ ఒక్కటే 2,800. పది టర్న్‌లకు కలిపి 14,500. విడిగా పంపితే 1,000. అయినా సంభాషణ కావాలంటే నేను రెండోదే ఎంచుకుంటాను. మరీ పొడవైతే పాత భాగాన్ని సారాంశంగా కుదించి, చివరి కొన్ని టర్న్‌లను యథాతథంగా పంపుతాను.