దూరపు పని ఒక్క గీతే: ఆరేళ్లు రోలింగ్ వేవ్ ప్లానింగ్ వాడాక

విశాఖలో ప్లానింగ్ ఇంజినీరుగా పనిచేస్తున్నాను. దగ్గరి పనిని మాత్రమే వివరంగా రాసి, దూరపు పనిని చార్టు మీద ఒక్క గీతగా ఉంచి, దగ్గరికొచ్చేకొద్దీ విడదీసే ఈ రోలింగ్ వేవ్ పద్ధతికి మారకముందు ఒక ప్రాజెక్టుకి మొదటి నెలలోనే 2,400 పనులు రాసి, చివరి రోజు దాకా తేదీలు వేసి, ప్రింటు తీసి సైటు ఆఫీసు గోడకి అంటించాం. నాలుగో నెలకి అందులో మొదటి షీటు తప్ప ఎవరూ చూడటం లేదు. మా సూపర్‌వైజరు గారు ఓ రోజు దాని ముందు నిలబడి, "ఏటి సార్, పద్దెనిమిదో నెల్లో మంగళారం తలుపులు బిగిస్తామని రాసేరు. అప్పటికి గోడ ఉంటాదేటి?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు.

తర్వాతి ప్రాజెక్టు మింది వైపు ఒక పెద్ద గోడౌను. 26 నెలల పని, లోపల రెండు ఓవర్‌హెడ్ క్రేన్లు. అక్కడ మొదటిసారి రోలింగ్ వేవ్ పెట్టాం. మొదటి 12 వారాల పనిని మాత్రం విడివిడిగా రాశాం: ఏ పని, ఎన్ని రోజులు, ఎంతమంది, ఎంత కాంక్రీటు. మిగతాదంతా 22 ప్యాకేజీలు. ఒక్కో ప్యాకేజీకి ఒక్క గీత, రోజుల అంచనా, ఖర్చు అంచనా, అంతే. ప్రతి నాలుగో శనివారం నేనూ, సైటు ఇంజినీరూ, కొనుగోళ్లు చూసే ఆయనా కూర్చుని ముందున్న ఇంకో నెల పనిని గీతలోంచి విడదీసేవాళ్లం. అంటే ఎప్పుడు చూసినా ఎనిమిది నుంచి పన్నెండు వారాల పని వివరంగా ఉంటుంది.

దీని విలువ నాకు పైలింగ్ దగ్గర, అంటే పునాది కోసం నేలలోకి కాంక్రీటు స్తంభాలు దింపే దగ్గర, తెలిసింది. ఆ ప్రాంతంలో కింద మెరైన్ క్లే అనే మెత్తటి బంకమట్టి, దాని కింద రాయి. రాయి ఎంత లోతులో తగులుతుందో ఒక మూల ఒకలా, ఇంకో మూల ఇంకోలా. నేల పరీక్షకి ముందు వేసిన బోర్లను బట్టి పైలు సగటున 22 మీటర్లు అనుకున్నాం. మొత్తం 212 పైల్స్, వాటికి నేల తొలిచే రిగ్గులు రెండు, ఒక్కో రిగ్గు రోజుకి ఒక పైలు. పడమటి వైపు 142 పైల్స్‌ని వివరంగా రాసి, తూర్పు వైపు 70 పైల్స్‌ని "35 రోజులు" అని ఒక్క గీతగా వదిలేశాం. తూర్పున రెండే బోర్లు పడ్డాయి, వాటి మీద నాకు నమ్మకం లేదు.

టెస్ట్ పైలు కాంక్రీటు గట్టిపడటానికి 28 రోజులు, పైన బరువు పేర్చి పరీక్షించి రిపోర్టు రావడానికి మరికొన్ని రోజులు. అలా ఏడో వారానికి లెక్క చేతికొచ్చింది. తూర్పున పైలు 31 మీటర్ల దాకా దిగాలి, ఒక్కోదానికి రోజున్నర పడుతుంది. డెబ్బై పైల్స్‌కి 105 రిగ్గు రోజులు, రెండు రిగ్గుల మీద 53 రోజులు. 18 రోజులు ఎక్కువ. పాత పద్ధతిలో అయితే వందల తేదీలు చెదిరిపోయేవి, నేను వారం రోజులు కంప్యూటరుకి అతుక్కుపోయేవాణ్ణి. ఇక్కడ రెండు ప్యాకేజీలే ముట్టుకున్నాం. ఆ శనివారం తూర్పు పైలింగ్ గీతని 19 పనులుగా విడదీశాం. పైల్స్ తలల మీద పోసే కాంక్రీటు దిమ్మెలు, అంటే పైల్‌క్యాప్‌లు, తూర్పున వేసే గీతని వెనక్కి జరిపి, ఆ ముఠాని పడమటి వైపే ఉంచాం. అదనంగా 630 మీటర్ల పైలుకి కాంక్రీటు ఆర్డరు కూడా అదే పూట వెళ్లింది.

ఇక మమ్మల్ని ముంచిన విషయం. క్రేన్ల ప్యాకేజీ 15వ నెలలో మొదలయ్యే ఒక గీత. దూరపు పని కదా అని ఎవరం దాని వైపు చూడలేదు. నాలుగో నెలలో స్తంభాల డ్రాయింగులు వేసే డిజైనరు ఫోను చేసి, "క్రేను చక్రం మీద బరువెంతండీ?" అని అడిగారు. క్రేను నడిచే దూలాన్ని మోసే బ్రాకెట్టు స్తంభంలోంచే వస్తుంది. ఆ బరువు తెలియకుండా స్తంభంలో ఇనుము ఎంతో తేల్చలేం. ఆ బరువు చెప్పాల్సింది క్రేను తయారీదారు. తయారీదారు ఎవరో తేలలేదు సరే, క్రేను 20 టన్నులదా 30 టన్నులదా అన్నది కూడా యజమాని తేల్చలేదు. స్తంభాల డ్రాయింగులు 34 రోజులు ఆగాయి. పైల్స్ దగ్గర అంత తెలివిగా మిగిల్చుకున్న రోజులన్నీ అక్కడే పోయాయి.

లోపం మా బద్ధకంలో కొంత ఉంది, కానీ పద్ధతిలోనూ ఉంది. గీతకి రెండు కొసలే ఉంటాయి, మొదలు, చివర. ఆ ప్యాకేజీలోంచి బయటికి రావాల్సిన సమాచారం మాత్రం గీత మొదలవడానికి ఏడాది ముందే కావలసి రావచ్చు. అది గీత మీద ఎక్కడా కనపడదు. కాబట్టి దూరపు పనిని వదులుగా ఉంచవచ్చు గానీ, దాని మీద తీసుకోవాల్సిన నిర్ణయాన్ని వదులుగా ఉంచకూడదు. అప్పటినుంచి ప్రతి ప్యాకేజీ పక్కన మొదటి రోజే ఒక చిన్న పట్టిక పెడుతున్నాను: దీంట్లోంచి ఎవరికి ఏం కావాలి, ఏ తేదీకి, ఆ మాట చెప్పాల్సింది ఎవరు. ఈ తేదీలు ప్లానులో మైల్‌స్టోన్లుగా ఎక్కుతాయి, పనులుగా కాదు. 22 ప్యాకేజీలకి 41 తేదీలు వచ్చాయి.

సీజను సంగతి కూడా గీతకి తెలియదు. ఓసారి కప్పు రేకుల ప్యాకేజీ అక్టోబరు, నవంబరుల్లో పడి కూర్చుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ చూసిన ఊళ్లో ఆ నెలల్లో రేకులెక్కించే ప్లాను ఎవరైనా వేస్తారా? నేనే వేశాను.

యజమానుల అనుమానం ఇంకో ఎత్తు. "మిగతా ఏడాదిన్నరకి ఒక్కో గీతేనా? ఆలస్యాన్ని దాచుకోడానికి బాగుందండీ మీ పద్ధతి" అని మీటింగులో మొహం మీదే అన్నారు. నిజం చెప్పాలంటే ఆ అనుమానం ఉత్తది కాదు. ఈ నెల జారిన పనిని వచ్చే ప్యాకేజీలోకి తోసేసి, తేదీ మార్చేసి, అంతా సవ్యంగా ఉన్నట్టు చూపించడం చాలా సులువు. కొత్త కారణమేదీ లేకుండా దూరపు గీత చివర నెలనెలా కొంచెం కొంచెం జరుగుతోందంటే అక్కడ అదే జరుగుతోందని నేను పట్టుకుంటాను. అందుకే ఒకసారి విడదీసిన పని తేదీలు మళ్లీ మార్చం. జారితే జారినట్టే ఎర్రగా కనపడుతుంది. విడదీసేటప్పుడు ముందు అనుకున్న రోజులూ, తేలిన రోజులూ పక్కపక్కన రాసి యజమానికి పంపుతాం. ఆ గోడౌను ప్రాజెక్టులో 22 ప్యాకేజీలకి కలిపి 610 రోజులు అనుకుంటే, విడదీశాక 671 తేలాయి. తూర్పు పైలింగ్ వదిలేస్తే సివిల్ పనులు దాదాపు అనుకున్నట్టే ఉన్నాయి, మిగతా పెరిగిందంతా కరెంటు పనుల్లోనే. ఇప్పుడు కరెంటు ప్యాకేజీకి మా వాళ్లు చెప్పిన రోజుల మీద పావు వంతు కలిపే గీత గీస్తాను. వాళ్లకి అది నచ్చదు.

అయిదారు నెలల పనులకి దీన్ని వాడను. అక్కడ దూరమంటూ ఏదీ ఉండదు, శనివారాలు దండగ.

ఇప్పుడు మధురవాడలో ఏడంతస్తుల ఆఫీసు భవనం నడుస్తోంది. లిఫ్టులు 17వ నెలలో వస్తాయి. రెండో నెలలోనే లిఫ్టు కంపెనీ అతనికి ఫోను చేసి అడుగున గుంత ఎంత లోతు ఉండాలని అడిగితే, "అప్పుడే ఎందుకు సార్?" అని నవ్వాడు. పునాది రాఫ్టు కాంక్రీటు మూడో నెలలో ఉంది, గుంత అందులోనే వస్తుందని చెప్పాక మర్నాడే డ్రాయింగు పంపాడు.