రబ్డీకి వెడల్పాటి ట్రైప్లై బాణలి: మూడేళ్ల వాడకం తర్వాత

పైన 32 సెంటీమీటర్ల వెడల్పు, చదునైన అడుగు, వాలు అంచులు ఉన్న స్టీలు బాణలి ఇది. రబ్డీ వరకైతే పెట్టిన డబ్బుకు న్యాయం చేసింది. బాసుంది కోసమే అయితే ఇది అక్కర్లేదు, మందపాటి గిన్నె ఏదైనా చాలు. బాసుందిలో మీగడను ఎప్పటికప్పుడు పాలలోకే కలిపేస్తాం కదా.

రబ్డీకి మాత్రం వెడల్పే ప్రాణం. పాల పైభాగంలో నీరు ఆవిరైపోతుంటే అక్కడి మాంసకృత్తులు, కొవ్వు చిక్కబడి పొర కడతాయి. పైభాగం ఎంత విశాలంగా ఉంటే పొర అంత పెద్దదొస్తుంది. అందుకే రెండు లీటర్ల గేదె పాలు ఒక పొంగు వచ్చేదాకా కలుపుతూ కాచి, ఆపైన అంచుల్లో మాత్రమే చిన్న బుడగలు కనిపించేంత సన్నని సెగ పెట్టాలి. పాలు తెర్లితే పొర కట్టకముందే చిరిగిపోతుంది. విసనకర్రతో విసిరితే నాలుగైదు నిమిషాల్లో పైన ముడతలు పడ్డ పొర తేలుతుంది. దాన్ని అట్లకాడతో మెల్లగా అంచుకు జరిపి గోడకు అతికించాలి. వెంటనే అదే అట్లకాడతో అడుగు గీకాలి. ఈ గీకుడు ఒక్కసారి మరిచినా మాడు వాసన మొత్తానికీ పట్టేస్తుంది, యాలకులు వేసినా పోదు.

వాలు అంచు ఉపయోగం ఇక్కడే తెలుస్తుంది. స్టీలు గోడకు పొర పట్టుకుని ఉంటుంది, నాన్‌స్టిక్‌లో జారి మళ్లీ పాలలో పడుతుంది. కానీ పెద్ద బర్నర్ మీద మంట అడుగు దాటి పక్కలకు పాకితే, అతికించిన మీగడ ఎర్రబడి చెక్కలా ఎండిపోతుంది. మంట వలయం అడుగుకన్నా చిన్నదిగా ఉండాలి.

ఈ బాణలితో ఒక తిరకాసు ఉంది. గోడలు వాలుగా ఉండడంతో పాల లోతు సగమైతే పరిమాణం సగమైనట్టు కాదు, అంతకన్నా బాగా తగ్గిపోయినట్టు. కాబట్టి ముందే అర లీటరు నీళ్లు పోసి, చెక్క గరిటె కాడ నిలబెట్టి గుర్తు గీసుకోవడం మేలు. దాదాపు గంటన్నరకు పాలు ఆ గుర్తుకు దిగుతాయి. అప్పుడే 80 గ్రాముల చక్కెర వేయాలి. అది కరిగేటప్పుడు పాలు కాస్త పలచబడతాయి, కంగారు పడి సెగ పెంచకూడదు. ఐదు నిమిషాలు ఉంచి దించాలి.

గోడల మీది మీగడ ఎండి ఉంటే దానిపై రెండు గరిటెల వేడి పాలు పోసి, నానాక గీకి, రెండంగుళాల ముక్కలుగా పాలలోకి వదలాలి. ఆ తర్వాత తిప్పితే పొరలన్నీ నలిగి కోవా ముద్దలా అవుతుంది.

ప్యాకెట్ పాలైతే ఆరు శాతం కొవ్వున్న ఫుల్‌క్రీమ్ తీసుకోవాలి. హోమోజనైజ్ చేసినవైతే కొవ్వు పైకి తేలదు, పొర పల్చగానే వస్తుంది. ఆ లోటు ఏ బాణలీ తీర్చలేదు.